సూది దిగే చోటు

వైశాఖంలో ముహూర్తాలు మొదలయ్యాయంటే పూలబజారులో మూర ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అయినా కొనేవాళ్ళు కొంటూనే ఉంటారు. గుమ్మానికి బంతి తోరణం, దేవుడి పటానికి మల్లెల దండ లేకుండా గృహప్రవేశం చేసుకోవడానికి తెలుగువాడికి మనసొప్పదు. సిద్ధంగా దొరికే దండలు తెచ్చి తగిలించేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ. కానీ ముందురోజు మధ్యాహ్నం చాప పరిచి, పూలు గుట్టగా పోసుకుని, సూదీ దారం పట్టుకుని కూర్చునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ నాలుగు మాటలూ వాళ్ళ పని గురించి.

పూలను దండగా చేయడానికి మనకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి కట్టడం. రెండు పూలు అటు, రెండు పూలు ఇటు పెట్టి కాడల చుట్టూ దారమో అరటినారో తిప్పి ముడి బిగిస్తారు. జడలో పెట్టుకునే మాల ఇలాగే తయారవుతుంది. ఇందులో పువ్వుకు గాయం లేదు. రెండోది గుచ్చడం. ఇందులో ప్రతి పువ్వుకూ ఒక చిల్లు పడుతుంది. చిల్లు పడ్డ చోట పూవు కందుతుంది, గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది, అక్కడినుంచే వాడడం మొదలవుతుంది. అలాంటప్పుడు కట్టడమే మేలు కదా అనిపించవచ్చు. కానీ బరువైన బంతిపువ్వు ముడికి నిలవదు. దేవుడి పటానికి వేసే దండ నిండుగా, గుండ్రంగా, ఏ వైపునుంచి చూసినా దారం కనబడకుండా ఉండాలంటే సూదికి మించిన సాధనం లేదు. కాబట్టి చిల్లు తప్పదు. ఎక్కడ చిల్లు పడితే పువ్వు ఓర్చుకుంటుందో తెలుసుకోవడమే ఈ పనిలో ఉన్న చదువంతా. ఆ చోటు మల్లెకు ఒకచోట ఉంటుంది, బంతికి ఇంకోచోట, కనకాంబరానికి మరోచోట.

మల్లెతో మొదలుపెడదాం. మొగ్గను వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. పైన రేకులన్నీ ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్న గుండ్రటి తల. దాని కింద అరంగుళం పొడవున సన్నని తెల్లని కాడ. అడుగున సన్నటి పచ్చని మొనలున్న చిన్న తొడుగు. కొత్తగా సూది పట్టినవాళ్ళు తలలో గుచ్చుతారు, ఎందుకంటే అక్కడ లావుగా ఉంది, పట్టు దొరుకుతుంది. అప్పటికి దండ బాగానే కనబడుతుంది. రాత్రికి మొగ్గలు విచ్చే వేళ తెలుస్తుంది సంగతి. రేకులన్నీ దారంతో కలిపి కుట్టేసినట్టు అయిపోతాయి కాబట్టి అవి విడలేవు. తెల్లారేసరికి ప్రతి మొగ్గ నడుమా ఒక గోధుమ మచ్చ, చుట్టూ ముడుచుకున్న రేకులు. పోనీ అడుగున పచ్చటి తొడుగులో గుచ్చుదామంటే అదీ కుదరదు. మల్లె విచ్చి పాతబడ్డాక తెల్లని భాగమంతా, కాడతో సహా, ఒక్క ముక్కగా తొడుగులోనుంచి జారి రాలిపోతుంది. పొద కింద నేల తెల్లగా పరుచుకుని ఉండేది ఇందుకే. తొడుగులో గుచ్చిన దండకూ మర్నాడు అదే గతి: పూలు పీటమీద, పచ్చని మొనలు దారం మీద.

ఇక మిగిలింది కాడే. తొడుగుకు కాస్త పైగా, తలకు కాస్త దిగువగా, కాడను అడ్డంగా దాటేలా సూది దిగాలి. అక్కడ కండ తక్కువ, రేకులకు అడ్డు లేదు, తొడుగుతో లంకె తెగినా పువ్వు దారాన్ని వదలదు. విజయవాడలో పూలమ్మే ఒక పెద్దావిడ పక్కన కూర్చుని గుచ్చడం నేర్చుకుంటున్న పిల్లతో అన్న మాట ఇక్కడ చెప్పాలి. "తలలో కాదే అమ్మడూ, మెడలో గుచ్చు. తలలో గుచ్చితే అది నవ్వదు." "మెడ విరిగిపోతోంది పెద్దమ్మా" అని ఆ పిల్ల. "సూదిని కదపమాకు. సూది అట్టా పట్టుకో, పువ్వునే దానికాడికి తీసుకురా" అని జవాబు. ఆ రెండో మాట మొదటి దానికన్నా విలువైనది. ఎడమచేతిలో సూది కదలకుండా, మొన పైకి చూస్తూ ఉండాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మొగ్గను తల దగ్గర నొక్కకుండా తొడుగు దగ్గర పట్టుకుని మొనమీదికి దించాలి. ఒక మొగ్గ తల కుడికి, తరవాతది ఎడమకు, ఆ తరవాతది ఎదురుగా, ఇలా తిప్పుకుంటూ పోతే దండ గుండ్రంగా వస్తుంది. పది పదిహేను మొగ్గలు సూది మీదికి ఎక్కాక, అన్నిటినీ కలిపి మెల్లగా దారం మీదికి జార్చాలి. ఒక్కొక్క పువ్వునూ విడిగా దారమంతా లాగితే ప్రతిసారీ చిల్లు పెద్దదవుతుంది.

చోటు ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం. మల్లెమొగ్గను తెల్లవారుజామున కోస్తారు, ఆనాటి సాయంత్రం అది విచ్చుకుంటుంది. విచ్చేటప్పుడే పరిమళం వదులుతుంది. మధ్యాహ్నం గుచ్చుతున్నప్పుడు చాపమీద ఇన్ని పూలున్నా వాసన పెద్దగా రాకపోతే కంగారు పడనక్కరలేదు, సరిగ్గా అలాగే ఉండాలి. కాడ గట్టిగా, తల బిగుతుగా ఉన్న ఆ నాలుగైదు గంటలే గుచ్చడానికి తగిన సమయం. సాయంత్రం తల వదులైన మొగ్గను పట్టుకుంటే వేళ్ళకే రేకులు నలుగుతాయి. కొనేటప్పుడే కొంత చూసుకోవాలి. పచ్చ ఛాయ తిరిగిన చిన్న మొగ్గలు ముదరకుండానే కోసినవి. అవి ఎన్ని నీళ్ళు చల్లినా విచ్చవు. ఐసులో పెట్టిన నిన్నటి మొగ్గలైతే కాడ కొన చూస్తే దొరికిపోతాయి, గోధుమరంగు తిరిగి, నొక్కితే మెత్తగా చప్పబడి ఉంటుంది. రేకులు కూడా తెలుపు పోయి నీరు పట్టిన కాగితంలా మసకగా కనిపిస్తాయి. మంచి మొగ్గ పాలతెలుపుగా, నిండుగా ఉంటుంది. మైలవరం మల్లెలైనా మరెక్కడివైనా ఈ పరీక్ష ఒక్కటే.

బంతి సంగతి పూర్తిగా వేరు. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందలాది చిన్న పువ్వుల గుంపు. ఒక్కో రేకూ అడుగున ఉన్న పచ్చని గిన్నెలో తన వేరు తను దిగేసుకుని ఉంటుంది. సూది ఆ గిన్నె నడిమధ్యనుంచి పోవాలి. కాడను గిన్నెకు ఆనించి తుంచేసి, ఆ తుంచిన చోటే దబ్బనం మొన ఆనించి నిటారుగా నెట్టితే పూవు ముఖం మధ్యలోంచి బయటకు వస్తుంది. ముఖం వైపునుంచి గుచ్చడం మొదలుపెడితే మొన ఎటు పోతున్నదో కనబడదు. అది పక్కకు పోయి గిన్నెను తప్పించి రేకుల మధ్యనుంచి దిగితే, చేతిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. గుమ్మానికి వేలాడదీశాక పై పూల బరువు పడుతుంది, రేకులు ఒక్కొక్కటే ఊడి, పువ్వు ఒక పక్కకు జారుతుంది. మర్నాడు గడపమీద పసుపు రేకులు చూసి "బంతి పాడైంది" అంటారు. పాడైంది బంతి కాదు, సూది దారి.

ముద్దబంతి, రేకబంతి రెండూ బజారులో ఉంటాయి. తోరణానికి ముద్దబంతే నిలుస్తుంది. గిన్నె దళసరిగా ఉంటుంది, రేకులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఒక పువ్వు ముఖం పక్క పువ్వు గిన్నెను పూర్తిగా కప్పేస్తుంది. అన్నీ ఒకే దిక్కుకు పేర్చుకుంటూ పోవడం సుళువు. గుమ్మం మీద అడ్డంగా ఒంపు తిరిగే భాగానికి మాత్రం మధ్యకు వచ్చాక దిక్కు మార్చాలి. లేకపోతే ఒక సగంలో పూలన్నీ ముఖం చూపిస్తాయి, రెండో సగంలో వీపు చూపిస్తాయి. కొందరు గిన్నెకు అడ్డంగా గుచ్చి పూలన్నీ వీధివైపు చూసేలా చేస్తారు. పూలు తక్కువ పడతాయి, చూడముచ్చటగానూ ఉంటుంది. కానీ బరువైన తల కిందికి వాలి, సాయంత్రానికి అన్నీ నేలచూపులు చూస్తాయి. ఒకపూట వేడుకకైతే సరే, మూడు రోజులుండాల్సిన తోరణానికి అది పనికిరాదు.

బంతికి అసలు శత్రువు నీరు. మల్లెకు తడిగుడ్డ ప్రాణం, బంతికి అదే తెగులు. రేకుల అడుగున చేరిన నీరు ఆరే దారి ఉండదు. పైకి పసుపు నిగనిగలాడుతూనే ఉంటుంది, రేకులు విడదీసి చూస్తే లోపల నల్లబడి, ముక్కుకు దగ్గరగా తెస్తే కుళ్ళు వాసన వస్తుంది. తూకంలో అమ్మే పువ్వు కాబట్టి బస్తామీద నీళ్ళు కొట్టే అలవాటు బజారులో ఉంది, మంచువేళ కోసిన పూలలోనూ తేమ ఉంటుంది. అందుకే బంతి ఇంటికి రాగానే కాడ పట్టుకుని ఒక్కో పువ్వునూ తలకిందులుగా విదిలించి, నీడలో పాతచీర మీద ఒక్క వరుసగా పరిచి రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. గుచ్చుతున్నప్పుడు బంతి జిగురు దబ్బనానికి పట్టి మొన సాఫీగా దిగదు. పక్కన తడిగుడ్డ పెట్టుకుని పది పూలకొకసారి తుడుచుకోవాలి. వేళ్ళకు పట్టిన నల్లటి జిగురూ ఆ ఘాటైన వాసనా మాత్రం సబ్బుకు ఒకంతట లొంగవు. అన్నట్టు, మన గుమ్మాల మీద ఇంత హక్కుగా కూర్చున్న ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. సముద్రాలు దాటి వచ్చి, తెలుగింటి పండగకు తప్పనిసరి చుట్టమైపోయింది. దేవుళ్ళెవరూ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

కనకాంబరం మాత్రం అచ్చంగా ఇక్కడిదే. దక్షిణ భారతమూ శ్రీలంకా దాని నేల. దానికి వాసన లేదు, ఉన్నదంతా రంగే. ఆకుపచ్చని వెన్నులోంచి పూవును లాగితే తొడుగు అక్కడే ఉండిపోయి పూవు మాత్రం చేతికి వస్తుంది. రేకులన్నీ ఒక పక్కకే విప్పుకున్న చిన్న విసనకర్ర అది, దాని పిడి దారంకన్నా కొంచెమే లావైన కాడ. మల్లెకు వాడిన సూది దానికి గునపమే. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా సన్నటి సూది తీసుకుని, కాడకు పైకొసన, విసనకర్ర మొదలయ్యే చోట, పొడుచుకుపోకుండా దాటించాలి. కింద గుచ్చితే కాడ నిలువునా చీలుతుంది. చీలిన పువ్వు దండలో నిలబడినట్టే ఉండి, చేయి తగలగానే ఊడుతుంది. విప్పారిన వైపు బయటకు ఉండేలా చూసుకోవడం మరో పని. మల్లెను ఎటు తిప్పినా మల్లే, కనకాంబరం వెనక్కి తిరిగిందంటే అక్కడ రంగు లేనట్టే. ఇంత ఓపిక ఎవరికుంటుందని చాలామంది కనకాంబరాన్ని సూదికి ఎక్కించకుండా దారంతో కట్టేస్తారు. విడి కనకాంబరాల మాలకు అదే మంచి పద్ధతి, సందేహం లేదు. మల్లెదండ మధ్యలో పట్టీలా రంగు రావాలంటేనే ఈ శ్రమ.

ఢిల్లీ కనకాంబరమని ఇప్పుడు ఎక్కువగా వచ్చే రకం పువ్వు పెద్దది, రంగు కాషాయానికి దగ్గర. దానికి గింజలు రావు, కొమ్మలు నాటి పెంచుకోవాలి. సూదికి కొత్తవాళ్ళు దానితో మొదలుపెట్టడం మంచిది. తూకంలో కనకాంబరం ఎంత తేలికంటే కిలోకు పదివేలకు పైగా పూలు తూగుతాయి. వాటిని వెన్నులోంచి ఒక్కొక్కటిగా లాగిన చేతుల్ని తలుచుకుంటే, మూర ధర దగ్గర బేరమాడే నోరు కొంచెం తగ్గుతుంది.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుందాం. తెల్లవారుజామున నాలుగు గంటలకు గృహప్రవేశం. సింహద్వారం వెడల్పు మూడున్నర అడుగులు, ఎత్తు ఏడడుగులు. లోపల పీటమీద పెట్టే వేంకటేశ్వరస్వామి పటం అడుగున్నర ఎత్తు, అడుగు వెడల్పు. ఎన్ని పూలు కావాలి, ఏది ఎప్పుడు గుచ్చాలి?

ద్వారం పైన కొంచెం ఒంపుతో వేలాడే భాగానికి నాలుగడుగులు, రెండు పక్కలా మూడేసి అడుగులు దిగే తీగలకు ఆరడుగులు, మొత్తం పదడుగులు. నిలువునా పేర్చిన ముద్దబంతి ఒక్కొక్కటి దారం మీద అంగుళం చోటు తీసుకుంటుంది. అంటే నూట ఇరవై పూలు. పువ్వు పరిమాణాన్ని బట్టి కిలోకు వంద నుంచి నూట యాభై దాకా తూగుతాయి. నలిగినవీ లోపల నల్లబడ్డవీ ఏరేస్తాం కాబట్టి కిలోన్నర తెచ్చుకుంటే ఇబ్బంది ఉండదు. పదడుగులూ ఒకే దారం మీద గుచ్చాలన్న ఉబలాటం వద్దు. మూడు ముక్కలుగా చేసుకుంటే దారం చిక్కుపడదు, ఎక్కడైనా తెగినా అంతా కుప్పకూలదు. బరువు మోయాలి కనుక లావుపాటి నూలుదారం రెండు పేటలు వేసుకోవాలి. రెండు కొసలా జానెడు చొప్పున ఖాళీ వదలాలి, మేకుకు కట్టుకోవడానికి. నిలువు తీగల అడుగున ముడి వేస్తే ఆ ముడి మెత్తటి గిన్నెను చీల్చుకుని లోపలికి దూరిపోతుంది. బంతికాడ ముక్క ఒకటి అడ్డంగా కట్టి, దానిమీద మొదటి పువ్వును కూర్చోబెట్టాలి. ఒంపు భాగంలో బంతుల మధ్య అక్కడక్కడ మామిడాకును సగానికి మడిచి తొడిమ దగ్గర గుచ్చుకుంటే పచ్చదనం వస్తుంది, పూలు ఒకదాన్నొకటి ఒత్తుకోకుండానూ ఉంటాయి.

పటానికి దండ మూడున్నర అడుగులు చాలు, మన లెక్కలో రెండు మూరల పైచిలుకు. జానెడు మల్లెలు, రెండంగుళాల కనకాంబరం పట్టీ, మళ్ళీ జానెడు మల్లెలు, ఇలా నాలుగు జానల మల్లె, మూడు పట్టీల కనకాంబరం. మధ్య పట్టీ సరిగ్గా దండ అడుగున, స్వామి పాదాల దగ్గరకు వస్తుంది. సూదితో దగ్గరగా గుచ్చితే మూరకు నూట యాభైకి పైగా మొగ్గలు పడతాయి, రెండు మూరలకు మూడువందల యాభై అనుకుందాం. పావుకిలో మొగ్గలు వెయ్యికి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి వందగ్రాములు సరిపోయేదే. ఏరివేతలు పోను నూట యాభై తీసుకోవచ్చు. కనకాంబరాలు రెండు గుప్పిళ్ళు. సగం చీలినా మిగిలినవి చాలుతాయి.

ఇక వరస. ముందురోజు ఉదయమే బంతి తెచ్చి ఆరబెట్టాలి. పదకొండు గంటలకల్లా మల్లెమొగ్గలు చేరాలి. అవి ప్లాస్టిక్ సంచిలో వస్తే వెంటనే బయటకు తీయాలి, లోపల చేరిన ఉక్కకు గంటలో కమిలిపోతాయి. భోజనాలయ్యాక మల్లెదండకు కూర్చోవాలి. సగం బిగువు తగ్గించి గుచ్చడం ఇక్కడ ఒక మెళకువ. మొగ్గలు విచ్చాక ఒక్కోదానికీ చోటు ఎక్కువ కావాలి. మధ్యాహ్నం ఊపిరాడకుండా బిగిస్తే రాత్రి రేకులు ఒకదాన్నొకటి తోసుకుని నలుగుతాయి. కనకాంబరం పట్టీల చోటు రాగానే సూది మార్చుకోవాలి, దారం అదే. బెజ్జం చిన్నది కాబట్టి దారం ఒక పేటకు దించుకోవాల్సి వస్తుంది, పటం దండకు ఒక పేట బరువు ఆపుతుంది. పూర్తయ్యాక నీళ్ళు గట్టిగా పిండేసిన పల్చటి నూలుగుడ్డలోగానీ అరటాకులోగానీ వదులుగా చుట్టి చల్లటి మూల పెట్టాలి. తరవాత బంతి. అది రాత్రికే గుమ్మానికి ఎక్కిస్తే నష్టం లేదు, గాలి తగిలితే దానికే మంచిది. మల్లెదండను మాత్రం ముహూర్తానికి కాసేపటి ముందు తీసి వేయాలి. అప్పటికి మొగ్గలన్నీ విచ్చి ఉంటాయి.

కొందరు బంతినీ మల్లెనూ ఒకే దండలో ముందురోజే కలిపేస్తారు. తడిగుడ్డలో చుడితే బంతి లోపల కుళ్ళుతుంది, ఆరబెడితే మల్లె వాడుతుంది. రెండూ కలవాల్సిందే అనుకుంటే ముక్కలు విడివిడిగా గుచ్చి దాచుకుని, ఆఖరున దారపు కొసలు ముడివేసుకోవడం ఒక్కటే దారి. పటం దండకు అడుగున ఒక పెద్ద ముద్దబంతి కుచ్చులా వేలాడాలని ముచ్చటైతే, దాన్ని తెల్లవారుజామునే తగిలించాలి.

ఈ మూరలూ జానల లెక్క ఇంటి సరదా మాత్రమే కాదు. తిరుమల ఆలయంలో మూలమూర్తికి వేసే దండలకు ఒక్కోదానికీ ఒక పేరు, ఒక కొలత ఉన్నాయి. కిరీటం మీదనుంచి రెండు భుజాలమీదుగా దిగే శిఖామణి ఎనిమిది మూరలు. భుజాలనుంచి పాదాలదాకా వేలాడే సాలగ్రామమాలలు నాలుగేసి మూరలు. మెడలో కంఠసరి మూడున్నర. శంఖచక్రాలకు ఒక్కో మూర, నడుముకు ఉన్న కఠారికి రెండు మూరలు. వీటిని సిద్ధం చేసే పూల అరకు యామునోత్తరై అని పేరు. అక్కడ స్వామికి అలంకరించిన పూలను భక్తులకు పెట్టుకోవడానికి ఇవ్వరు. శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవికి వేసిన దండ బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు తిరుమల రావడం మరో ఆచారం. తను ముందు వేసుకుని చూసుకున్న మాలను రంగనాథుడికి పంపిన ఆ అమ్మాయి కథే రాయలవారి ఆముక్తమాల్యద. దండ పొడవు సరిపోయిందో లేదో మెడలో వేసుకుంటే తప్ప తెలియదన్న సంగతి పూలు గుచ్చేవాళ్ళందరికీ ఎరుకే. గోదమ్మ ధైర్యం మాత్రం అందరికీ ఉండదు, మనం టేపుతో కొలుచుకుంటాం.

దారం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ వ్యాసం కుంటుతుంది. ఈమధ్య చాలా దండలు నైలాన్ దారం మీద వస్తున్నాయి. చౌక, తెగదు, సూదిలో సులువుగా దూరుతుంది. కానీ నున్నగా ఉండడంవల్ల పూలు దానిమీద నిలవక ఒకవైపుకు జారి గుంపవుతాయి, సన్నగా గట్టిగా ఉండడంవల్ల బంతిగిన్నెను రంపంలా కోస్తుంది. నూలుదారాన్ని ఒకసారి నీళ్ళలో ముంచి పిండి వాడితే అది కొంచెం ఉబ్బి పూల చిల్లును నింపేస్తుంది, పూలు పెట్టిన చోట ఉంటాయి. దండ తీసేశాక నూలు మట్టిలో కలుస్తుంది, నైలాన్ కలవదు. పూలతో పాటు దాన్ని వీధిలో పడేస్తే పూలవాసనకు వచ్చిన ఆవు రెంటినీ కలిపి మింగుతుంది. ఏడాది పొడవునా గుమ్మానికి వేలాడే ప్లాస్టిక్ బంతుల మీద మాకు పెద్ద కోపమేమీ లేదు. అపార్టుమెంటు ఐదో అంతస్తులో రోజూ బంతిపూలు ఎవరు తెస్తారు? ముహూర్తం ఉన్న ఆ ఒక్కరోజైనా దుమ్ము పట్టిన ఆ దండను దించి నిజం పూలు కట్టమని మాత్రం అడుగుతాం.

వేసవిలో మల్లెదండ మర్నాటి మధ్యాహ్నానికి గోధుమరంగుకు తిరుగుతుంది. నిర్మాల్యం తీసేటప్పుడు దానితోపాటు కనకాంబరాన్నీ తీసేయాలి, అప్పటికి అది ముడుచుకుని ఉంటుంది. ఆరబెట్టి గుచ్చిన బంతి తోరణం మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. దించినప్పుడు కింది కాడముక్క కత్తిరించి దారాన్ని ఒక్క లాగులాగితే పూలన్నీ విడిపోతాయి. పూలు తొట్లలోని మట్టికి, దారం చెత్తబుట్టకు. దబ్బనాన్ని మాత్రం జిగురు పోయేదాకా తుడిచి, నూనెచేయి రాసి దాచుకోవాలి. ఆ జిగురుతోనే పెట్టేస్తే వచ్చే పండక్కి తుప్పు పట్టి ఉంటుంది, తుప్పు సూది మల్లెకాడను దాటదు.